ఫంక్షన్ పాయింట్లు లెక్కేసి కోకోమోలో పెట్టడం ఎలా: ఒక చిన్న కోర్సు ప్రాజెక్ట్ మీద మొదటి నుంచి చివరి దాకా

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అసైన్‌మెంట్ ఇచ్చిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "మా ప్రాజెక్ట్‌కి ఫంక్షన్ పాయింట్లు ఎన్ని రావాలి", "లాగిన్ స్క్రీన్‌ని ఎందులో వేయాలి", "మాకు ఇరవై వేల పర్సన్-మంత్‌లు వచ్చాయి, ఎక్కడ తప్పు". ఫంక్షన్ పాయింట్లంటే సిస్టం యూజర్‌కి చేసిపెట్టే పనుల సైజు, కోకోమో అంటే ఆ సైజు నుంచి శ్రమ, కాలం అంచనా వేసే మోడల్, పర్సన్-మంత్ అంటే ఒక మనిషి ఒక నెల చేసే పని. విడివిడిగా జవాబు చెప్పే బదులు ఒకే ప్రాజెక్ట్ తీసుకుని మొత్తం లెక్క చేసి చూపిస్తాను, మీ ప్రాజెక్ట్ పక్కన పెట్టుకుని అడుగడుగూ పోల్చుకోండి.

ముందే ఒక మాట. చాలామంది టైమంతా ఫార్ములాల మీద పెడతారు, నిజానికి ఫార్ములా రెండు నిమిషాల పని. మార్కులు పోయేదీ, అంచనా పాడయ్యేదీ లెక్కించే దగ్గరే, అంటే దేన్ని ఫైల్ అనాలి, దేన్ని అనకూడదు, ఒక స్క్రీన్‌లో ఎన్ని పనులు ఉన్నాయి అన్న దగ్గర. అందుకే ఇక్కడ కూడా ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ముందు రెడీగా పెట్టుకోవాల్సినవి

- సిస్టం ఏం చేయాలో రాసిన రిక్వైర్‌మెంట్స్, ఒకటి రెండు పేజీలు చాలు
- ప్రతి స్క్రీన్‌కీ, రిపోర్ట్‌కీ చేత్తో గీసిన బొమ్మైనా సరే, ఏ ఫీల్డులు ఉంటాయో కనిపించాలి
- డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు మారుస్తారు అన్న స్పష్టత
- ఒక స్ప్రెడ్‌షీట్
- మీ సిలబస్‌లో కోకోమో 81 ఉందా, కోకోమో 2 ఉందా అన్న సమాచారం. ఇది కనుక్కోకుండా మొదలుపెట్టకండి, రెండింటి నంబర్లూ వేరు.

డేటాబేస్ టేబుళ్ల డిజైన్ లిస్ట్‌లో లేదు, గమనించారా? కావాలనే పెట్టలేదు. ఫంక్షన్ పాయింట్ అనేది యూజర్ వైపు నుంచి చూసే కొలత. 1979లో ఐబీఎంలో పనిచేసే అలన్ ఆల్‌బ్రెక్ట్ దీన్ని బయటపెట్టిందే కోడ్ లైన్లతో సంబంధం లేకుండా, ఏ లాంగ్వేజ్‌లో రాసినా ఒకే సైజు రావాలని. టేబుళ్లు చూసి లెక్కేస్తే మీరు మీ డిజైన్‌ని కొలుస్తున్నట్టు, యూజర్‌కి ఇచ్చే పనిని కాదు.

మన ఉదాహరణ

కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు విద్యార్థులకి ఇచ్చి తిరిగి తీసుకునే సిస్టం. ల్యాబ్ అసిస్టెంట్ వాడతారు. పరికరాల వివరాలు ఎక్కించడం, మార్చడం, తీసేయడం, ఒక విద్యార్థికి పరికరం ఇష్యూ చేయడం, రిటర్న్ తీసుకోవడం, ఆలస్యమైతే ఫైన్ లెక్కేయడం, కొన్ని రిపోర్టులు, అంతే. విద్యార్థుల పేర్లు, రోల్ నంబర్లు కాలేజీ రికార్డుల సిస్టంలో ఆల్రెడీ ఉన్నాయి, మనం అక్కడి నుంచి చదువుకుంటాం. లాగిన్ కూడా కాలేజీ కామన్ అకౌంట్‌తోనే.

1. సరిహద్దు గీయండి

ఒక కాగితం మీద పెద్ద డబ్బా గీసి మీ సిస్టం లోపల ఉన్నది లోపల, బయట ఉన్నది బయట రాయండి. మన కేసులో పరికరాలు, ఇష్యూ రికార్డులు లోపల. విద్యార్థుల రికార్డులు, లాగిన్ బయట.

ఇది చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ తర్వాత వచ్చే ప్రతి నిర్ణయం ఈ గీత మీదే నడుస్తుంది. రేపు టీమ్‌లో ఎవరో "విద్యార్థుల్ని మనమే యాడ్ చేసేలా స్క్రీన్ పెడదాం" అన్నారనుకోండి, ఆ గీత జరుగుతుంది, దాంతోపాటు పాయింట్లూ పెరుగుతాయి. అందుకే ఈ బొమ్మ రిపోర్ట్‌లో కూడా పెట్టండి.

2. డేటా గుంపులు గుర్తించండి

రెండే రకాలు. మన సిస్టమే మార్చి కాపాడుకునే డేటా అయితే ఐఎల్‌ఎఫ్, అంటే ఇంటర్నల్ లాజికల్ ఫైల్. వేరే సిస్టం కాపాడుతుంటే మనం ఊరికే చదువుకునేది ఈఐఎఫ్, ఎక్స్‌టర్నల్ ఇంటర్‌ఫేస్ ఫైల్.

ప్రతి గుంపుకీ రెండు లెక్కలు కావాలి. యూజర్ గుర్తుపట్టే ఫీల్డులు ఎన్ని, వాటిని డెట్ అంటారు. ఆ గుంపు లోపల ఉపగుంపులు ఎన్ని, వాటిని రెట్ అంటారు.

పరికరం: ఐఎల్‌ఎఫ్. మోడల్ కోడ్, పేరు, కేటగిరీ, కంపెనీ, గరిష్ఠంగా ఎన్ని రోజులు ఇవ్వొచ్చు, రోజుకి ఫైన్, ఇవి మోడల్ వివరాలు. సీరియల్ నంబర్, కొన్న తేదీ, ప్రస్తుత స్థితి, ఇవి ఒక్కో పీస్ వివరాలు. మొత్తం 9 డెట్‌లు, 2 రెట్‌లు.

ఇక్కడే మొదటి పెద్ద తప్పు జరుగుతుంది. డేటాబేస్‌లో మోడల్ టేబుల్ వేరు, పీస్ టేబుల్ వేరు కాబట్టి రెండు ఐఎల్‌ఎఫ్‌లు వేసేస్తారు, 7 పాయింట్లకి బదులు 14 వస్తాయి. ఎలా తేల్చుకోవాలంటే, మోడల్ తీసేస్తే పీస్‌కి విడిగా అర్థం ఉంటుందా అని అడగండి. ఏ మోడలో తెలియని సీరియల్ నంబర్ ల్యాబ్ అసిస్టెంట్‌కి దేనికీ పనికిరాదు, అంటే అది మోడల్ మీద ఆధారపడిన ఉపగుంపు. అందుకే ఒక ఫైల్, రెండు రెట్‌లు.

ఇష్యూ: ఐఎల్‌ఎఫ్. ఇష్యూ నంబర్, రోల్ నంబర్, సీరియల్ నంబర్, ఇచ్చిన తేదీ, తిరిగివ్వాల్సిన తేదీ, తిరిగిచ్చిన తేదీ, ఫైన్, కండిషన్ నోట్. 8 డెట్‌లు, 1 రెట్. ఇది పరికరం మీద ఆధారపడదా అంటారేమో, కానీ పరికరాన్ని లిస్ట్‌లోంచి తీసేసినా ఫలానా విద్యార్థి ఎప్పుడు తీసుకున్నాడు, ఎంత ఫైన్ కట్టాడు అన్న రికార్డు ల్యాబ్‌కి కావాలి, కాబట్టి విడి ఫైలే.

విద్యార్థి: ఈఐఎఫ్. రోల్ నంబర్, పేరు, బ్రాంచ్, సంవత్సరం, ఈమెయిల్. 5 డెట్‌లు, 1 రెట్. ఆ సిస్టంలో యాభై ఫీల్డులు ఉన్నా మనం వాడుకునేవే లెక్క.

ఇక కేటగిరీ. కోడ్, పేరు మాత్రమే ఉన్న చిన్న టేబుల్, డ్రాప్‌డౌన్ నింపడానికి. దీన్ని లెక్కించకూడదు, కోడ్ డేటా అంటారు. అలాగే లాగ్ టేబుళ్లు, సెషన్ టేబుళ్లు, ఇండెక్సులు, టెక్నికల్ అవసరానికి మనం పెట్టుకున్నవేవీ లెక్కలోకి రావు.

3. పనులు గుర్తించండి

సరిహద్దు దాటి డేటా లోపలికో బయటికో పోయే ప్రతి పూర్తి పనీ ఒక ట్రాన్సాక్షన్. పూర్తి అంటే, అది అయిపోయాక యూజర్ లేచి వెళ్లిపోయినా సిస్టం సగంలో ఆగినట్టు ఉండకూడదు. మూడు పేజీల ఫారం నింపి చివర్లో ఒకే సేవ్ నొక్కితే అది ఒక పనే. ఒకే పేజీలో యాడ్, ఎడిట్, డిలీట్ బటన్లు ఉంటే మూడు పనులు. స్క్రీన్లు లెక్కపెట్టొద్దు అని అందుకే అంటారు.

మూడు రకాలున్నాయి, తేడా ఆ పని ముఖ్య ఉద్దేశం ఏంటన్న దాంట్లో ఉంది. లోపలి ఫైల్‌ని మార్చడమే ఉద్దేశమైతే ఈఐ, అంటే ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్. యూజర్‌కి సమాచారం చూపించడం ఉద్దేశమై, అందులో లెక్క కట్టడమో కొత్త విలువ పుట్టించడమో ఉంటే ఈఓ, ఎక్స్‌టర్నల్ అవుట్‌పుట్. ఉన్నది ఉన్నట్టు తీసి చూపిస్తే ఈక్యూ, ఎక్స్‌టర్నల్ ఎంక్వైరీ.

మన లిస్ట్ ఇలా వచ్చింది:

- ఈఐలు 5: పరికరం యాడ్, పరికరం మార్పు, పరికరం తొలగింపు, ఇష్యూ, రిటర్న్
- ఈఓలు 2: గడువు దాటినవాళ్ల రిపోర్ట్ (ఎన్ని రోజులు దాటింది, ఇప్పటిదాకా ఫైన్ ఎంత), నెలవారీ వాడకం రిపోర్ట్
- ఈక్యూలు 3: పరికరం సెర్చ్, ఒక విద్యార్థి దగ్గర ప్రస్తుతం ఏమున్నాయి, పరికరం పూర్తి వివరాలు

చివరి ఈక్యూని దాదాపు అందరూ మర్చిపోతారు. పరికరం వివరాలు మార్చాలంటే ముందు పాత వివరాలు స్క్రీన్ మీద కనపడాలి కదా, ఆ చూపించడం విడి పని, దానికి పాయింట్లు ఉంటాయి. కానీ అదే వివరాల పేజీని వేరే మెనూ నుంచి కూడా తెరవొచ్చని రెండోసారి వేయకండి, ఒకే పనికి రెండు దారులున్నా ఒక్కసారే.

రిటర్న్ మీద కూడా వాదన వస్తుంది. ఫైన్ లెక్కేసి స్క్రీన్ మీద చూపిస్తుంది కాబట్టి ఈఓ కదా అని. కాదు, ల్యాబ్ అసిస్టెంట్ ఆ బటన్ నొక్కేది పరికరం వెనక్కి వచ్చిందని రికార్డు చేయడానికి, ఫైన్ దారిలో వచ్చే లెక్క. ముఖ్య ఉద్దేశం మార్చడమే, ఈఐ.

లాగిన్ సంగతి: మన కేసులో సరిహద్దు బయట ఉంది, కాబట్టి సున్నా. మీ ప్రాజెక్ట్‌లో యూజర్లని మీరే యాడ్ చేసి, పాస్‌వర్డ్ మార్చే స్క్రీన్లు పెట్టి ఉంటే యూజర్ ఫైల్ ఒక ఐఎల్‌ఎఫ్ అవుతుంది, ఆ స్క్రీన్లు కూడా లెక్కలోకి వస్తాయి.

4. ప్రతిదానికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ తేల్చండి

అంచనాగా "ఇది కొంచెం కష్టంలా ఉంది, ఎక్కువ వేద్దాం" అనకండి. నియమం ఉంది.

ఫైళ్లకి: ఒకే రెట్ ఉంటే 50 డెట్‌ల దాకా తక్కువే. 2 నుంచి 5 రెట్‌లుంటే 20 డెట్‌ల లోపు తక్కువ, 20 నుంచి 50 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. మన మూడు ఫైళ్లూ తక్కువలోకే వచ్చాయి. కోర్సు ప్రాజెక్టుల్లో ఫైళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తాయి, ఎక్కువ వచ్చిందంటే ఒకసారి మళ్లీ చూసుకోండి.

ట్రాన్సాక్షన్లకి రెట్ బదులు ఎఫ్‌టీఆర్ చూస్తాం, అంటే ఆ పని ఎన్ని ఫైళ్లని చదువుతుంది లేదా మారుస్తుంది అని. డెట్ అంటే సరిహద్దు దాటే ఫీల్డులు. వీటికి తోడు, ఆ పని మొదలుపెట్టే బటన్లన్నిటికీ కలిపి ఒకటి, ఎర్రర్, కన్ఫర్మేషన్ మెసేజ్‌లన్నిటికీ కలిపి ఒకటి. పది ఎర్రర్ మెసేజ్‌లున్నా ఒకటే. రిపోర్ట్ హెడ్డింగులు, పేజీ నంబర్లు లెక్కకి రావు.

ఈఐకి ఇలా:

| ఎఫ్‌టీఆర్ | 1–4 డెట్ | 5–15 డెట్ | 16+ డెట్ |
|---|---|---|---|
| 0–1 | తక్కువ | తక్కువ | మధ్యస్థం |
| 2 | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| 3+ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |

ఈఓ, ఈక్యూలకి ఇదే ఆకారం, హద్దులు మాత్రం వేరు: డెట్‌లు 1–5, 6–19, 20+; ఎఫ్‌టీఆర్‌లు 0–1, 2–3, 4+. ఈఐ టేబుల్‌తోనే అన్నీ చూసేయడం చాలా కామన్ తప్పు.

ఇష్యూ పనిని పూర్తిగా చూద్దాం. రోల్ నంబర్, సీరియల్ నంబర్, తిరిగివ్వాల్సిన తేదీ, కండిషన్ నోట్, బటన్, మెసేజ్, మొత్తం 6 డెట్‌లు. విద్యార్థి ఉన్నాడా అని ఈఐఎఫ్ చదువుతుంది, పరికరం స్థితి మారుస్తుంది, ఇష్యూ రికార్డు రాస్తుంది, 3 ఎఫ్‌టీఆర్‌లు. టేబుల్‌లో చూస్తే ఎక్కువ. చూడ్డానికి నాలుగు బాక్సుల చిన్న స్క్రీన్, కానీ మొత్తం సిస్టంలో ఎక్కువ అయ్యింది ఇదొక్కటే. ఇచ్చిన తేదీ సిస్టమే వేసుకుంటుంది, సరిహద్దు దాటదు, అందుకే దాన్ని డెట్‌గా వేయలేదు.

రిటర్న్: సీరియల్ నంబర్, తిరిగిచ్చిన తేదీ, కండిషన్ నోట్, చూపించే ఫైన్, బటన్, మెసేజ్, 6 డెట్‌లు. పరికరం, ఇష్యూ రెండూ ముట్టుకుంటుంది, 2 ఎఫ్‌టీఆర్‌లు. మధ్యస్థం. పరికరం యాడ్, మార్పు ఒకే ఫైల్‌తో, పదో పదకొండో డెట్‌లతో అయిపోతాయి, తక్కువ. తొలగింపుకి ఆ పరికరం ఎవరి దగ్గరైనా ఉందా అని ఇష్యూ ఫైల్ కూడా చూడాలి, 2 ఎఫ్‌టీఆర్‌లే కానీ డెట్‌లు 3, తక్కువే.

గడువు రిపోర్ట్ మూడు ఫైళ్లనీ చదివి 9 డెట్‌లు చూపిస్తుంది, నెలవారీ రిపోర్ట్ రెండు ఫైళ్లు, 6 డెట్‌లు, రెండూ మధ్యస్థం. విద్యార్థి దగ్గర ఉన్నవి చూపించే ఈక్యూ మూడు ఫైళ్లు, 8 డెట్‌లు, మధ్యస్థం. మిగతా రెండు ఈక్యూలూ తక్కువ.

5. కూడండి

| రకం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
|---|---|---|---|
| ఈఐ | 3 | 4 | 6 |
| ఈఓ | 4 | 5 | 7 |
| ఈక్యూ | 3 | 4 | 6 |
| ఐఎల్‌ఎఫ్ | 7 | 10 | 15 |
| ఈఐఎఫ్ | 5 | 7 | 10 |

ఐఎల్‌ఎఫ్‌లు 7+7 = 14. ఈఐఎఫ్ 5. ఈఐలు 3+3+3+6+4 = 19. ఈఓలు 5+5 = 10. ఈక్యూలు 3+4+3 = 10. మొత్తం 58. దీన్ని అన్‌అడ్జస్టెడ్ ఫంక్షన్ పాయింట్లు అంటారు, ఈ నంబర్‌ని రిపోర్ట్‌లో బోల్డ్‌గా పెట్టండి, ముందుకి తీసుకెళ్లేది దీన్నే.

6. అడ్జస్ట్‌మెంట్: సిలబస్‌లో అడిగితేనే

14 లక్షణాలకి 0 నుంచి 5 దాకా మార్కులేసి, ఆ మొత్తాన్ని TDIగా ఈ ఫార్ములాలో పెడతారు, వచ్చే VAFతో పాయింట్లని గుణిస్తారు:

```
VAF = 0.65 + 0.01 * TDI
```

మన సిస్టంకి ఆన్‌లైన్ డేటా ఎంట్రీకి 5, డేటా కమ్యూనికేషన్‌కి 4, చాలావాటికి 1, అలా వేస్తే మొత్తం 24 వచ్చింది, VAF 0.89, అడ్జస్ట్ చేసిన పాయింట్లు 58 × 0.89 = 51.6. VAF ఎప్పుడైనా 0.65కీ 1.35కీ మధ్యే ఉండాలి, బయటికి పోయిందంటే కూడిక తప్పు.

దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, నిజం చెప్పాలంటే. మనం ఇప్పటిదాకా చేసిన ఈ లెక్కింపుకి, అంటే ఐఎఫ్‌పగ్ పద్ధతికి ఐఎస్ఓ స్టాండర్డ్ ఉంది కదా, ISO/IEC 20926, అది కూడా అన్‌అడ్జస్టెడ్ సైజుకే. ప్రశ్నపత్రంలో అడుగుతారు కాబట్టి చేయండి, కానీ ఈ 51.6ని కోకోమో 2లోకి మాత్రం తీసుకెళ్లకండి. పెర్ఫార్మెన్స్, కాంప్లెక్సిటీ లాంటివాటికి కోకోమోలో విడిగా గుణకాలున్నాయి, రెండు చోట్లా వేస్తే ఒకే కారణాన్ని రెండుసార్లు లెక్కించినట్టు.

7. పాయింట్లని లైన్లలోకి మార్చండి

కోకోమోకి కావాల్సింది వేల కోడ్ లైన్లు. ఒక పాయింట్‌కి ఎన్ని లైన్లు అన్నది లాంగ్వేజ్‌ని బట్టి, కోకోమో 2 మాన్యువల్ టేబుల్‌లో జావాకి 53, సీ ప్లస్ ప్లస్‌కి 55, సీకి 128. మనది జావా అనుకుందాం, 58 × 53 = 3074 లైన్లు, అంటే 3.074 కేఎస్‌లాక్.

మీ లాంగ్వేజ్ ఆ టేబుల్‌లో లేకపోతే ఎక్కడో దొరికిన నంబర్ వేసేసి వదిలేయకండి. టీమ్‌లో ఎవరైనా ఇంతకుముందు చేసిన ప్రాజెక్ట్ ఉంటే దాని పాయింట్లు లెక్కేసి, లైన్లని ఆ పాయింట్లతో భాగించి, ఆ నిష్పత్తి వాడండి, ఎలా వచ్చిందో రాయండి. ఎందుకంటే మొత్తం లెక్కలో అన్నిటికన్నా వదులుగా ఉండే నంబర్ ఇదే.

8. కోకోమోలో పెట్టండి

సిలబస్ కోకోమో 81 అయితే, బ్యారీ బోమ్ 1981లో 63 ప్రాజెక్టుల డేటా మీద కట్టిన మోడల్ అది. బేసిక్ మోడల్, తెలిసిన రకం పని చేసే చిన్న టీమ్‌కి వాడే ఆర్గానిక్ మోడ్‌లో:

```
effort = 2.4 * KLOC^1.05 = 2.4 * 3.074^1.05 = 7.8 PM
time   = 2.5 * effort^0.38 = 5.5 months
```

ఇంటర్మీడియట్ మోడల్‌లో ఆర్గానిక్ గుణకం 3.2, బేసిక్‌లో 2.4. ఈ రెండూ కలిపేసేవాళ్లు చాలామంది, టేబుల్ మీద హెడ్డింగ్ చూసి తీసుకోండి.

కోకోమో 2 అయితే ఘాతాంకం మనమే లెక్కేయాలి. ఐదు స్కేల్ ఫ్యాక్టర్లున్నాయి, అన్నీ నామినల్, అంటే మామూలు స్థాయిలో పెడితే మొత్తం 18.97. తర్వాత ఎఫర్ట్ గుణకాలు. 17లో మీకు నిజంగా కారణం చూపించగలిగినవే మార్చండి, మిగతావి 1 వదిలేయండి. మనం రెండే మార్చాం. విద్యార్థులకి ఇలాంటి అప్లికేషన్ల అనుభవం రెండు నెలల లోపే కాబట్టి అప్లికేషన్ అనుభవం వెరీ లో, 1.22. సిస్టం పడిపోతే కాసేపు పుస్తకంలో రాసుకుని తర్వాత ఎక్కించొచ్చు కాబట్టి రిలయబిలిటీ లో, 0.92.

```python
ufp = 58
ksloc = ufp * 53 / 1000
E = 0.91 + 0.01 * 18.97
F = 0.28 + 0.2 * (E - 0.91)
pm = 2.94 * ksloc**E * 1.22 * 0.92
tdev = 3.67 * pm**F
print(round(pm, 1), round(tdev, 1), round(pm / tdev, 2))
```

జవాబు `11.3 7.9 1.43`. అంటే 11.3 పర్సన్-మంత్‌లు, దాదాపు 8 నెలలు, సగటున ఒకటిన్నర మంది లోపు.

కోకోమో 81కి 7.8, కోకోమో 2కి గుణకాలు వేయకముందు 10.1. రెండూ వేర్వేరు డేటా మీద కట్టిన మోడళ్లు, ఒకేలా రావు, రావాల్సిన పనీ లేదు. ఒక మోడల్ గుణకం తీసుకుని ఇంకోదాని ఘాతాంకంతో కలపడమే అసలు తప్పు.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట యూనిట్లు. ఇరవై వేల పర్సన్-మంత్‌లు వచ్చాయని అడిగినవాళ్ల సంగతి ఇదే, 3.074 బదులు 3074 పెట్టారు. ఇలాంటి చిన్న ప్రాజెక్ట్‌కి జవాబు వేలల్లో వస్తే ఇంకేం వెతక్కండి, ముందు దాన్నే చూడండి.

రెండోది, లెక్కని ఇంకో దారిలో సరిచూసుకోండి. నెదర్లాండ్స్ ఫంక్షన్ పాయింట్ సంఘం నెస్మా వాళ్ల ఎస్టిమేటెడ్ పద్ధతి ఉంది, ఫైళ్లన్నీ తక్కువ, ట్రాన్సాక్షన్లన్నీ మధ్యస్థం అనుకుని కూడటమే. మనకి 14 + 5 + 5×4 + 2×5 + 3×4 = 61. మన 58కి దగ్గరగా ఉంది, అంటే నాలుగో అడుగులో పెద్ద పొరపాటు లేదు. ఇక్కడ తేడా బాగా కనిపిస్తే డెట్‌ల లెక్కకి వెనక్కి వెళ్లండి.

వాళ్లదే ఇంకా మొరటు పద్ధతి ఇంకోటి ఉంది, ఐఎల్‌ఎఫ్‌కి 35, ఈఐఎఫ్‌కి 15. మనకి 85 వస్తుంది. 58కీ 85కీ చాలా తేడా, కానీ కంగారు పడకండి, ఈ తేడా చెప్పే విషయం వేరు. ఒక్కో ఐఎల్‌ఎఫ్ చుట్టూ సుమారు మూడు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు, ఒక ఎంక్వైరీ ఉంటాయన్న ఊహ మీద నడిచే పద్ధతి అది. మనకి ఇష్యూ ఫైల్‌కి రెండే ఇన్‌పుట్లున్నాయి. పొరపాటున వేరే విద్యార్థి పేరు మీద ఇష్యూ చేస్తే రద్దు చేయడం ఎలా? రిక్వైర్‌మెంట్స్‌లోనే లేదు! ఫైన్ కట్టాడని ఎక్కడ నమోదు చేస్తారు? అదీ లేదు. లెక్క తప్పు కాదు, రిక్వైర్‌మెంట్స్‌లో రంధ్రం. దాన్ని పూడ్చాలా వద్దా మీరు తేల్చుకోండి, వద్దనుకుంటే "ఇది స్కోప్‌లో లేదు" అని రాయండి.

మూడోది, టీమ్‌లో ఇద్దరు విడివిడిగా లెక్కేసి పోల్చుకోండి. మొత్తాలు కాదు, లిస్టులు పోల్చండి. ఒకరు ఒక ఫైల్ ఎక్కువ వేసి, ఇంకొకరు రెండు ఈక్యూలు ఎక్కువ వేస్తే మొత్తాలు దగ్గరగానే ఉంటాయి, ఇద్దరూ కరెక్ట్ అనుకుని సంబరపడతారు.

10. "మా దగ్గర నలుగురం ఉన్నాం, మూడు నెలల్లో అయిపోతుందా?"

11.3ని 4తో భాగించి 2.8 నెలలు అని రాసేస్తారు. అలా రాయకండి. మోడల్ ఇచ్చిన కాలం దాదాపు 8 నెలలు, మనుషుల్ని పెంచితే ఆ నిష్పత్తిలో తగ్గదు, పని పంచుకోవడానికీ కలపడానికీ ఖర్చవుతుంది కాబట్టే టైమ్‌కి విడి ఫార్ములా ఉంది.

గంటల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. కోకోమోలో ఒక పర్సన్-మంత్ అంటే 152 గంటలు, 11.3 అంటే 1700 పైచిలుకు గంటలు. నలుగురు వారానికి పది గంటల చొప్పున 14 వారాలు పనిచేస్తే 560 గంటలు. మూడో వంతు కూడా సరిగ్గా లేదు.

అయినా ఇలాంటి సిస్టం సెమిస్టర్‌లో చేసేస్తుంటారు కదా అంటే, అవును, కానీ చేసేది అదే వస్తువు కాదు. మోడల్‌కి ఆధారమైనవి నిజంగా వాడకంలోకి వెళ్లిన ప్రాజెక్టులు, వాటి గంటల్లో డిజైన్ రివ్యూలు, పూర్తి టెస్టింగ్, డాక్యుమెంట్లు, మేనేజ్‌మెంట్ అన్నీ ఉన్నాయి. కోర్సులో డెమోకి సరిపడా నడిస్తే చాలు. పైగా మూడు వేల లైన్లంటే ఈ మోడల్‌కి చాలా చిన్న సైజు, ఆ స్థాయిలో ఎవరు రాస్తున్నారన్నదే గంటల్ని ఎక్కువగా మారుస్తుంది.

కాబట్టి 1.22ని 0.81 చేసి, ఇంకో నాలుగు గుణకాలు తగ్గించి ఎలాగోలా 560కి తీసుకురావద్దు, చూసేవాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది. వచ్చిన నంబర్‌ని వచ్చినట్టే రాసి, పక్కన మీ దగ్గరున్న గంటలు రాసి, తేడాకి కారణం రెండు వాక్యాల్లో చెప్పి, స్కోప్‌లో ఏం తగ్గిస్తారో పాయింట్లతో సహా చూపించండి. ఉదాహరణకి నెలవారీ రిపోర్ట్ తీసేస్తే 5, తొలగింపు తీసేసి దాని బదులు పరికరం స్థితిని "వాడకంలో లేదు" అని మార్పు స్క్రీన్‌లోనే పెడితే 3, మొత్తం 50కి వస్తుంది. ఫైళ్లకే 19 పాయింట్లు పోతున్నాయి కాబట్టి ఇంకా బాగా తగ్గాలంటే రిపోర్టులు కోస్తే సరిపోదని కూడా మీకే కనిపిస్తుంది.

ప్రాజెక్ట్ అయిపోయాక కోడ్ లైన్లు, పెట్టిన గంటలు నోట్ చేసుకోండి. ఏడో అడుగులో అడిగిన సొంత నిష్పత్తి వచ్చే టీమ్‌కి అందులోంచే దొరుకుతుంది.